మోగిన ప్రతి ఫోనూ బేరం కాదు

ఏప్రిల్ ఎండల్లో రాజమహేంద్రవరంలో ఎవరింట్లోనైనా ఏసీ ఆగిపోతే, పక్కింటివాళ్లను అడగడానికి ముందే ఫోన్ తీస్తున్నారు. ‘ఏసీ రిపేర్ నియర్ మీ’ అని గూగుల్‌లో వెతుకుతారు. పైన రెండు మూడు ప్రకటనలు కనిపిస్తాయి, వాటి పక్కనే కాల్ బటన్. చెమటలు కక్కుతున్న మనిషి వెబ్‌సైట్ చదవడు, ఫారం నింపడు. బటన్ నొక్కి, “ఎంతసేపట్లో వస్తారండీ?” అని అడుగుతాడు.

ఏసీ మెకానిక్, ప్లంబర్, ఎలక్ట్రీషియన్, చెదల మందు కొట్టేవాళ్లు, వాటర్ ప్యూరిఫయర్ బాగు చేసేవాళ్లు, వీళ్లందరికీ ప్రకటన వల్ల దక్కేది ఆ ఫోన్ కాలే. కానీ నెలాఖరుకు చేతికొచ్చే రిపోర్టులో ఉండేది మాత్రం క్లిక్కుల లెక్క. ఆటో వెనక స్టిక్కర్ చూసి చేసిన ఫోనూ, పాత కస్టమర్ ఫోనూ, గూగుల్ ప్రకటన చూసి చేసిన ఫోనూ అన్నీ ఒకే మొబైల్‌లో మోగుతాయి. దేనికి డబ్బు పెట్టామో, దేని వల్ల పని వచ్చిందో యజమానికి తెలియదు. తెలియకపోయేసరికి పక్క దుకాణంవాడు రోజుకు వెయ్యి పెడుతున్నాడని తానూ వెయ్యి పెడతాడు.

ఈ లెక్క తేల్చుకునే పద్ధతి ఉంది. దానికి ఒక దుకాణాన్ని ఉదాహరణగా తీసుకుందాం. దుకాణం ఊహించుకున్నదే, ఊరు మాత్రం నిజం. దానవాయిపేటలో ఏసీ సర్వీసింగ్ దుకాణం. యజమాని, ఇద్దరు మెకానిక్‌లు, రెండు బైకులు. గూగుల్ ప్రకటనలకు రోజుకు 500 రూపాయలు పెట్టగలరు.

గోదావరి మీద గీసిన వృత్తం

ప్రకటన ఎక్కడివాళ్లకు కనిపించాలో చెప్పడానికి గూగుల్ యాడ్స్‌లో ఊరి పేరు ఇవ్వొచ్చు, లేదా మ్యాప్ మీద ఒక చోటు గుర్తించి దాని చుట్టూ ఇన్ని కిలోమీటర్లని వృత్తం గీయొచ్చు. ఈ రెండోదాన్నే రేడియస్ టార్గెటింగ్ అంటారు. మన యజమాని దుకాణం దగ్గర గుర్తు పెట్టి 8 కిలోమీటర్లు ఇచ్చాడనుకుందాం. దక్షిణాన ధవళేశ్వరం, ఉత్తరాన కాతేరు, తూర్పున బొమ్మూరు లోపలికి వస్తాయి. చూడటానికి బాగానే ఉంటుంది.

పడమర వైపు చూడండి. ఆ 8 కిలోమీటర్లలో గోదావరి ఉంది, అది దాటాక కొవ్వూరూ ఉంది. వృత్తానికి కాకి ఎగిరే దూరమే తెలుసు, రోడ్డు తెలియదు. మ్యాప్ మీద కొవ్వూరు ఆరేడు కిలోమీటర్లే. మెకానిక్ మాత్రం వంతెన ఎక్కి దిగాలి. 1974 నాటి రోడ్డు కమ్ రైలు వంతెనే నాలుగు కిలోమీటర్ల పైచిలుకు ఉంటుంది. మరమ్మతుల కోసం దాన్ని మూసేసిన రోజున కొత్త వంతెన మీదుగా చుట్టూ తిరిగి వెళ్లాలి. మూడు నాలుగు వందలొచ్చే సర్వీసింగ్ కోసం మిట్టమధ్యాహ్నం అటు పోయి వచ్చేసరికి, ఊళ్లో రెండు పనులు పోతాయి.

దీనికి సులువైన విరుగుడు ఉంది. ఒక పెద్ద వృత్తం బదులు మూడు నాలుగు చిన్న వృత్తాలు గీయడమే. దానవాయిపేట మీద 4 కిలోమీటర్లు పెడితే అది నదిలోనే ఆగిపోతుంది. ధవళేశ్వరం మీద ఇంకోటి, లాలాచెరువు వైపు ఇంకోటి పెట్టుకోవచ్చు. పైగా కొవ్వూరును వద్దనుకునే ప్రాంతాల జాబితాలో చేర్చొచ్చు. వృత్తం మధ్య బిందువు దుకాణమే కావాలన్న నియమం కూడా లేదు. ఏసీలు ఎక్కువగా ఉన్న అపార్ట్‌మెంట్లు ఏ పేటలో ఉంటే అక్కడ పెట్టుకోవచ్చు. వ్యాసార్ధాన్ని 4 నుంచి 8కి పెంచితే విస్తీర్ణం రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. 50 చదరపు కిలోమీటర్లు కాస్తా 200 అవుతాయి. అదే 500 రూపాయలు అంత మేరా పలచబడిపోతాయి. అలాగని మరీ చిన్న వృత్తం పెడితే ప్రకటన అసలు కనిపించకుండా పోయే ప్రమాదం ఉందని గూగులే హెచ్చరిస్తుంది.

ఎందుకంటే మనిషి ఎక్కడున్నాడో గూగుల్‌కు ప్రతిసారీ కచ్చితంగా తెలియదు. ఫోన్‌లో లొకేషన్ ఆన్‌లో ఉంటే జీపీఎస్, వైఫై ద్వారా వీధి దాకా తెలుస్తుంది. ఆఫ్‌లో ఉంటే ఐపీ చిరునామాను బట్టి ఊహిస్తుంది. ఆ ఊహ ఊరు దాటిపోవచ్చు. కాబట్టి వృత్తం అంచును గోడ అనుకోకూడదు.

ఇంతకన్నా ఎక్కువ డబ్బు కారిపోయే చోటు ఇంకొకటి ఉంది. అది కనిపించకుండా లొకేషన్ ఆప్షన్ల లోపల ఉంటుంది. గూగుల్ తనంతట తాను పెట్టే ఎంపిక పేరు “Presence or interest”. అంటే ఆ వృత్తంలో ఉన్నవాళ్లకే కాదు, ఆ ప్రాంతం మీద ఆసక్తి చూపినవాళ్లకు కూడా ప్రకటన కనిపిస్తుంది. కాకినాడలో ఉంటూ రాజమండ్రి గురించి వెతికినవాడు కూడా అందులోకి రావచ్చు. దాన్ని మార్చి “Presence” ఒక్కటే పెడితే, అక్కడ ఉన్నవాళ్లకూ, తరచూ అక్కడికి వచ్చేవాళ్లకూ పరిమితమవుతుంది. స్థానిక సేవలు చేసే దుకాణానికి ప్రధాన ప్రకటనలో ఇదే సరైనదని నా అభిప్రాయం.

అయితే మన ఊళ్లలో ఒక విషయం మరచిపోకూడదు. అమ్మానాన్నలు రాజమండ్రిలో ఉంటారు, కొడుకో కూతురో హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో ఉంటారు. ఇక్కడ ఏసీ పాడైతే అక్కడి నుంచే మెకానిక్‌ను వెతికి పంపేవాళ్లు బోలెడుమంది. “Presence” పెట్టగానే వీళ్లంతా బయటికి పోతారు. వీళ్ల కోసం చిన్న బడ్జెట్‌తో వేరే క్యాంపెయిన్ పెట్టి, ‘రాజమండ్రి ఏసీ సర్వీస్’ లాగా ఊరి పేరు ఉన్న మాటలకు మాత్రమే కనిపించేలా చేసి, ప్రాంతాన్ని విశాలంగా ఇవ్వాలి. ఉత్త ‘ఏసీ రిపేర్’ అన్న మాటను ఇందులోకి రానివ్వకూడదు. ఇలా ఫోన్ చేసేవాళ్లు ధర దగ్గర పెద్దగా గీచి గీచి బేరమాడరు, వాళ్లకు కావాల్సింది నమ్మకంగా వెళ్లి చూసి వచ్చే మనిషి.

వృత్తం సరిగ్గా పనిచేస్తోందా అని ఊహించనక్కర్లేదు. ప్రకటన ఎక్కడెక్కడ కనిపించిందో, క్లిక్కులు ఏ ప్రాంతం నుంచి వచ్చాయో చూపే రిపోర్టు ఉంటుంది. వారానికోసారి దాన్ని తెరిచి, మనం వెళ్లని ఊర్ల పేర్లుంటే తీసేయాలి. తన ప్రకటన వస్తోందా లేదా అని యజమాని తన ఫోన్‌లోనే రోజూ వెతుక్కోవడం మాత్రం మంచి అలవాటు కాదు. చూసి నొక్కకుండా వదిలేసిన ప్రతిసారీ ఆ ప్రకటనను ఎవరూ నొక్కడం లేదన్న లెక్కలో పడుతుంది. దాని బదులు ఖాతాలోనే “Ad Preview and Diagnosis” అనే సాధనం ఉంది, ఖర్చు లేకుండా అందులో చూసుకోవచ్చు.

బటన్ నొక్కడం వేరు, మాట్లాడటం వేరు

ప్రకటన పక్కన ఫోన్ నంబర్, కాల్ బటన్ కనిపించేలా చేసే ఏర్పాటును చాలాకాలం కాల్ ఎక్స్‌టెన్షన్ అన్నారు. 2022 నుంచి గూగుల్ వాటి పేరు మార్చి కాల్ అసెట్ అంటోంది. పనివాళ్ల నోట ఇప్పటికీ పాత పేరే నలుగుతోంది. బటన్ నొక్కితే, శీర్షిక నొక్కినప్పటిలాగే ఒక క్లిక్ ధర పడుతుంది. అవతల ఫోన్ ఎత్తారా లేదా అన్నదానితో ఆ ధరకు సంబంధం లేదు.

అందుకే దీనికి వేళలు పెట్టాలి. దుకాణంలో ఉదయం ఎనిమిది నుంచి రాత్రి తొమ్మిది దాకా ఫోన్ ఎత్తేవాళ్లుంటే, కాల్ అసెట్ కూడా ఆ వేళల్లోనే కనిపించేలా షెడ్యూల్ చేయాలి. రాత్రి పదకొండు గంటలకు నొక్కినవాడికి రింగ్ వినిపించి ఎవరూ ఎత్తకపోతే, క్లిక్కు డబ్బు పోవడమే కాదు, అతను పొద్దున్నే మళ్లీ మనకే చేస్తాడన్న గ్యారంటీ కూడా లేదు. కింద ఇంకో ప్రకటన ఉంటుంది.

ఇక లెక్క పెట్టడం. ఫోన్‌లో కాల్ బటన్ నొక్కగానే డయలర్ తెరుచుకుంటుంది, నంబర్ కనిపిస్తుంది. అక్కడ ఇంకోసారి పచ్చ బటన్ నొక్కితేనే కాల్ వెళ్తుంది. చాలామంది పొరపాటున నొక్కి వెనక్కి పోతారు, లేదా నంబర్ చూసి ఆగిపోతారు. వెబ్‌సైట్‌లో నంబర్ మీద నొక్కడాన్ని లెక్కించే ఏర్పాటు కూడా ఇదే పని చేస్తుంది. అది లెక్కపెట్టేది వేలి తాకిడినే తప్ప మాటను కాదు. ప్రకటనలు నడిపిపెట్టేవాళ్లు ‘ఈ నెల మీకు 200 కాల్స్ వచ్చాయి’ అని రిపోర్టు ఇస్తే, అవి నొక్కిన బటన్లా, కలిసిన కాల్సా అని యజమాని తప్పకుండా అడగాలి.

కలిసిన కాల్‌ను లెక్కించాలంటే మధ్యలో ఇంకో నంబర్ ఉండాలి. గూగుల్ దగ్గర ఫార్వర్డింగ్ నంబర్ అనే సౌకర్యం ఉంది. ప్రకటనలో మన నంబర్ బదులు గూగుల్ ఇచ్చిన నంబర్ కనిపిస్తుంది. దానికి చేసిన కాల్ నేరుగా మన ఫోన్‌కే వస్తుంది. మధ్యలో ఏ సమయానికి మొదలైంది, ఎన్ని సెకన్లు సాగింది, ఎత్తారా తప్పిపోయిందా అన్నవి గూగుల్ రాసుకుంటుంది. ఈ నంబర్లు అన్ని దేశాల్లో, అన్ని సందర్భాల్లో దొరకవు. ఖాతా సెట్టింగ్‌లలో కాల్ రిపోర్టింగ్ ఆన్ చేసి, వారం తర్వాత కాల్ వివరాల రిపోర్టు తెరిచి చూడండి. ఫోన్లు మోగుతున్నా ఆ రిపోర్టు ఖాళీగా ఉంటే, ప్రకటనలో మన సొంత నంబరే కనిపిస్తోందని అర్థం.

అప్పుడు రెండో దారి పట్టాలి. మన దేశంలో క్లౌడ్ టెలిఫోనీ కంపెనీలు నెలవారీ అద్దెకు వర్చువల్ నంబర్లు ఇస్తాయి. ఒక నంబర్ తీసుకుని దాన్ని ప్రకటనలో తప్ప ఇంకెక్కడా వాడకూడదు. బోర్డు మీద వద్దు, కరపత్రంలో వద్దు, ఫేస్‌బుక్ పేజీలోనూ వద్దు. అప్పుడు ఆ నంబర్‌కు వచ్చిన ప్రతి కాలూ ప్రకటన వల్ల వచ్చిందే అవుతుంది. ఎన్ని సెకన్లు, ఎవరు ఎత్తారు అన్నది ఆ కంపెనీ లాగ్‌లో ఉంటుంది. ఒక లోపం ఉంది. ఈ వివరాలు వాటంతటవే గూగుల్‌కు చేరవు, కాబట్టి ఏ మాట వెతికినవాళ్లు ఫోన్ చేశారో సులువుగా తెలియదు. అయినా ఏమీ తెలియకపోవడం కన్నా ఇది ఎన్నో రెట్లు నయం. కాల్ రికార్డు చేస్తుంటే ఆ సంగతి మొదట్లోనే అవతలివాళ్లకు చెప్పాలి.

ఎన్ని సెకన్లు మాట్లాడితే పని?

గూగుల్‌లో కాల్స్‌ను కన్వర్షన్‌గా లెక్కించేటప్పుడు “Call length” అనే గడి ఉంటుంది. ఇన్ని సెకన్లకన్నా ఎక్కువసేపు సాగిన కాల్‌నే లెక్కలోకి తీసుకో అని చెప్పే చోటు అది. మామూలుగా అందులో 60 ఉంటుంది. చాలామంది దాన్ని చూడకుండానే ముందుకు పోతారు. ఈ మొత్తం వ్యవహారంలో నిజంగా ఆలోచించి నింపాల్సిన గడి అదేనని నేననుకుంటాను.

పని తెచ్చే కాల్ ఎలా ఉంటుందో చూద్దాం.

“ఏసీ రిపేరేనా అండీ? ఒకటిన్నర టన్ను స్ప్లిట్టు. రాత్రి నుంచి గాలి వస్తోంది గానీ చల్లదనం లేదు.”

“బయట యూనిట్ తిరుగుతోందా అండీ?”

“ఉండండి, చూసి చెప్తాను… లేదండీ, తిరగట్లేదు.”

“కెపాసిటర్ పోయి ఉండొచ్చు. వచ్చి చూడ్డానికి మూడొందలండి. పని చేయించుకుంటే అది బిల్లులో తగ్గించేస్తాం. ఇల్లు ఎక్కడండీ?”

“కంబాలచెరువు దగ్గర. పార్కు దాటాక ఎడమ చేతి వైపు రెండో సందు…”

ఆయన బాల్కనీలోకి వెళ్లి చూసి రావడానికే ఇరవై సెకన్లు. గుర్తులతో చిరునామా చెప్పడానికి ఇంకో అర నిమిషం. మొత్తం రెండు నిమిషాలకు దగ్గరపడుతుంది.

పని లేని కాల్ ఇలా ఉంటుంది. “ఫలానా కంపెనీ కస్టమర్ కేరా అండీ? మాది వారంటీలో ఉంది.” కాదండీ, మాది సొంత దుకాణం అనగానే పెట్టేస్తారు. పాతిక సెకన్లు. “అన్నా, హెల్పర్ పని ఏమైనా ఉందా?” నలభై సెకన్లు. ఏసీ కొనాలనుకునేవాళ్లు, పాత ఏసీ అమ్ముతామనేవాళ్లు, లోన్ కావాలా అని అడిగేవాళ్లు, అందరూ ఇక్కడే ఉంటారు.

కానీ సెకన్లు ఎప్పుడూ నిజం చెప్పవు. “నేనేనండీ, పోయిన నెల ఏవీ అప్పారావు రోడ్డులో చేశారు కదా, మళ్లీ నీళ్లు కారుతున్నాయి, ఒకసారి రండి” అన్న కాల్ పదిహేను సెకన్లలో ముగుస్తుంది, అది ఖాయమైన పని. మూడు నిమిషాలు ధర అడిగి, ఇంట్లో అడిగి చెప్తామని పెట్టేసిన కాల్‌లో పని లేదు.

అందుకని గడిలో అంకె నింపే ముందు ఒక నోట్‌బుక్ పెట్టండి. ప్రకటన నంబర్‌కు వచ్చి, మనం ఎత్తిన మొదటి 50 కాల్స్ రాయండి. ఎన్ని సెకన్లు, పని కుదిరిందా లేదా అన్న రెండు ముక్కలు చాలు. మన దానవాయిపేట దుకాణంలో ఇలా తేలిందనుకుందాం. 45 సెకన్లలోపు ముగిసినవి 22, వాటిలో పని కుదిరినవి 2. 45 నుంచి 75 సెకన్ల మధ్యవి 9, కుదిరినవి 3. 75 దాటినవి 19, కుదిరినవి 13. అంటే హద్దు 45 దగ్గర పెడితే 28 కాల్స్ లెక్కకొస్తాయి, వాటిలో నిజమైనవి 16. 75 దగ్గర పెడితే 19 వస్తాయి, నిజమైనవి 13. మూడు పనులు లెక్క తప్పుతాయి గానీ, ఆరు ఉత్త కాల్స్ బయటికి పోతాయి. ఈ దుకాణానికి 75 మేలు. వర్చువల్ నంబర్‌లో ముందు రికార్డు చేసిన పలకరింపు వినిపిస్తుంటే, ఆ సెకన్లను కూడా కలుపుకుని హద్దు పెట్టాలి.

ఇంత పట్టింపు ఎందుకంటే, ఈ అంకె రిపోర్టు కోసమే కాదు. “Maximize conversions” లాంటి ఆటోమేటిక్ బిడ్డింగ్ పెట్టినప్పుడు, ఏ వేళలో, ఏ మాట వెతికినవాళ్ల కోసం ఎంత చెల్లించాలో గూగుల్ ఈ కన్వర్షన్లను చూసే నేర్చుకుంటుంది. పది సెకన్ల కాల్‌ను కూడా విజయంగా లెక్కపెట్టమని చెబితే, కస్టమర్ కేర్ నంబర్ కోసం వెతికేవాళ్లే మనకు కావాలనుకుని వాళ్లనే పోగు చేసి పంపుతుంది. రిపోర్టులో కాల్స్ పెరుగుతాయి, ఒక్కో కాల్ ఖర్చు తగ్గుతుంది, గల్లాపెట్టె మాత్రం అలాగే ఉంటుంది. కాల్స్ పెరిగి పనులు పెరగకపోతే ముందు అనుమానించాల్సింది ఈ గడినే.

ఇంకో తప్పు కూడా తరచూ కనిపిస్తుంది. బటన్ నొక్కడాన్ని ఒక కన్వర్షన్‌గా, అదే కాల్ కలిసి 75 సెకన్లు దాటడాన్ని ఇంకో కన్వర్షన్‌గా పెట్టి, రెండింటినీ ప్రధానమైనవిగా ఉంచుతారు. ఒక మనిషి రెండుసార్లు లెక్కలో పడతాడు. కలిసిన కాల్‌ను “Primary” గా ఉంచి, బటన్ నొక్కడాన్ని “Secondary” గా మార్చాలి. రెండోది కంటికి కనిపిస్తుంది గానీ బిడ్డింగ్ దాన్ని పట్టించుకోదు. అలాగే “Count” దగ్గర “One” ఎంచుకోవాలి. ఒకే మనిషి దారి అడగడానికి మూడుసార్లు ఫోన్ చేసినా అది ఒక్క పనే కదా.

ఉత్త కాల్స్‌ను మొదట్లోనే ఆపే పని ప్రకటన మాటల్లోనూ ఉంది. ఏ మాటలు వెతికినప్పుడు మన ప్రకటన వచ్చిందో చూపే జాబితాలో కస్టమర్ కేర్, టోల్ ఫ్రీ, జాబ్స్, కోర్సు, సెకండ్ హ్యాండ్ లాంటివి కనిపిస్తే, వాటిని నెగెటివ్ కీవర్డ్స్‌లో చేర్చాలి. ప్రకటనలో ‘సొంత దుకాణం, అన్ని కంపెనీల ఏసీలూ చూస్తాం’ అని స్పష్టంగా రాయాలి. కంపెనీ సర్వీస్ సెంటర్ అనిపించేలా రాసి కాల్స్ లాగడం కస్టమర్‌ను మోసం చేయడమే. దాన్ని తెలివైన వ్యాపారమని ఎవరు చెప్పినా నేను ఒప్పుకోను.

ఒక నెల లెక్క

రోజుకు 500 చొప్పున నెలకు 15,000 రూపాయలు ఖర్చయిందనుకుందాం. ఏదైనా ఒక రోజు గూగుల్ బడ్జెట్‌కు రెండింతలదాకా ఖర్చు చేయొచ్చు, నెల మొత్తం మీద సర్దుతుంది. ఒక రోజు 900 పోయిందని కంగారుపడనక్కర్లేదు. 18 శాతం జీఎస్టీ కలిపితే చేతి నుంచి పోయింది 17,700. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని చిన్న దుకాణానికి ఇది వెనక్కి రాదు కాబట్టి లెక్కలో కలపాల్సిందే.

ఈ అంకెలు పద్ధతి చూపడానికి ఊహించినవి. క్లిక్కులు 600. కాల్ బటన్ నొక్కినవి 200. నిజంగా మోగినవి 150. ఎత్తినవి 112, తప్పిపోయినవి 38. 75 సెకన్లు దాటినవి 43. కుదిరిన పనులు 40, వెళ్లి పూర్తి చేసినవి 36. నాలుగుచోట్ల మెకానిక్ వెళ్లేసరికి ఇంకెవరో వచ్చి చేసేశారు.

ఇప్పుడు ఇదే 17,700ను ఒక్కోదానితో భాగించి చూడండి. క్లిక్కుకు 29 రూపాయల 50 పైసలు. మోగిన కాల్‌కు 118. పూర్తయిన పనికి 492. మూడూ నిజాలే. కానీ యజమాని జేబుకు సంబంధించింది చివరిదొక్కటే. సామాను, కూలీ, పెట్రోలు పోను ఒక్కో పనికి సగటున 700 మిగులుతుందనుకుంటే, ప్రకటన ఖర్చు పోయాక 208 మిగిలింది. నెలకు ఏడున్నర వేలు.

నష్టం లేదు గానీ సంతోషించేంతా లేదు. ఇక్కడే చాలామంది బడ్జెట్ పెంచాలా, వృత్తం పెంచాలా అని ఆలోచిస్తారు. నేనైతే ఆ 38 దగ్గర ఆగుతాను. మధ్యాహ్నం పూట మెకానిక్ నిచ్చెన మీద ఉంటాడు, చేతిలో డ్రిల్లింగ్ మెషీన్ మోగుతుంటుంది, జేబులో ఫోన్ కూడా మోగుతుంటుంది. దిగి చూసుకుని అరగంట తర్వాత తిరిగి చేస్తే, “వేరేవాళ్లు వచ్చారండీ” అంటారు. ఈ 38 కాల్స్ కోసం డబ్బు కట్టేశాం. ఎత్తిన 112లో 40 కుదిరాయంటే మూడింట ఒకటి పైమాటే. అదే పాళ్లలో 38లో పదమూడో పద్నాలుగో కుదరాలి. అందులో 12 పూర్తయ్యాయనుకున్నా పనులు 48 అవుతాయి. ప్రకటన ఖర్చు పనికి 369కి దిగుతుంది, మిగిలేది 331కి పెరుగుతుంది. నెలకు దాదాపు 15,900. ప్రకటనకు ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టకుండానే ఆదాయం రెట్టింపు దాటింది.

ఇందుకు చేయాల్సింది తేలికే. వర్చువల్ నంబర్‌కు వచ్చిన కాల్ మొదట యజమానికి మోగి, అతను పదిహేను సెకన్లలో ఎత్తకపోతే ఇంట్లోనో దుకాణంలోనో ఉన్న ఇంకొకరికి వెళ్లేలా పెట్టుకోవచ్చు. ఆ రెండో మనిషికి ఏసీ పని తెలియనక్కర్లేదు. పేరు, పేట, ఏసీ టన్నులు, ఏమైంది, ఎప్పుడు రమ్మంటారు అన్న అయిదు ముక్కలు రాసుకోవడం వస్తే సరిపోతుంది. తప్పిపోయిన కాల్స్ ఏ గంటల్లో ఎక్కువో రిపోర్టులో చూసి, ఎవరూ దొరకని గంటల్లో కాల్ అసెట్ ఆపేయడం ఇంకో దారి.

ఫార్వర్డింగ్ నంబర్ వాడేవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. ఆ నంబర్ మనది కాదు, గూగుల్ దాన్ని తర్వాత వేరేవాళ్లకు కేటాయించవచ్చు. కస్టమర్ దాన్నే ‘ఏసీ మెకానిక్’ అని సేవ్ చేసుకుని వచ్చే వేసవిలో ఫోన్ చేస్తే మనకు రాకపోవచ్చు. ఆ నంబర్‌కు వాట్సాప్‌లో మెసేజ్ పెట్టినా మనకు చేరదు. వర్చువల్ నంబర్ అద్దె మానేసినా ఇదే గతి. కాబట్టి పని పూర్తయ్యాక మెకానిక్ తిరిగి వచ్చే ముందు మన సొంత నంబర్ ఉన్న స్టిక్కర్ ఏసీ పక్కన అంటించాలి, బిల్లు కూడా సొంత నంబర్ నుంచే వాట్సాప్‌లో పంపాలి. ఆ ఇంటి నుంచి రెండోసారి వచ్చే ఫోన్‌కు గూగుల్‌కు ఏమీ కట్టక్కర్లేదు.

ఏసీ దుకాణమే కాదు, ఫోన్ మీద బతికే ఏ చిన్న వ్యాపారం నడుపుతున్నా, ఈ వారం ఒక పని చేయండి. మీ ప్రకటనలు చూసేవారిని పిలిచి, పోయిన నెల ఎన్ని కాల్స్ కలిశాయో, ఎన్ని తప్పిపోయాయో, ఎన్ని సెకన్ల హద్దు పెట్టారో అడగండి. మూడింటికీ జవాబు వచ్చేదాకా బడ్జెట్ పెంచకండి.